తప్పు నాదే, బిల్లు నంబర్ ఇది

గుంటూరులో అపార్టుమెంట్లు కట్టే ఒక కాంట్రాక్టర్ జూన్‌లో విజయవాడ స్టీలు దుకాణం నుంచి మూడు లక్షల రూపాయల ఇనుప కడ్డీలు తెప్పించుకున్నాడు. దాని మీద 18 శాతం జీఎస్టీ 54,000. మొత్తం బిల్లు 3,54,000. ఆ 54,000 ఆయనకు ఊరికే పోయే డబ్బు కాదు. తాను ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నులోంచి దాన్ని తగ్గించుకోవచ్చు. దీనికి ఒక ముఖ్యమైన షరతు ఉంది. సరుకు అమ్మిన దుకాణం తన నెలవారీ రిటర్నులో ఆ బిల్లును ఈయన జీఎస్టీ నంబరు మీద చూపించాలి. జూన్ అమ్మకాల వివరాలను జులై 11లోపు ఎక్కించాలి. 14వ తేదీన కొన్నవాళ్ల ఖాతాలో 2బి అనే పట్టిక తయారవుతుంది. 2022 జనవరి 1 నుంచి రూలేమిటంటే, బిల్లు ఆ పట్టికలో కనిపిస్తేనే తగ్గింపు. కనిపించకపోతే 20వ తేదీలోపు ఆ డబ్బు చేతి నుంచి కట్టాలి.

జులై 16న కాంట్రాక్టర్ చూసుకుంటే 2బిలో ఆ బిల్లు లేదు. దుకాణానికి ఫోన్ చేశాడు. అకౌంటెంట్ ఎత్తి, ‘అయ్యో, సారీ సార్! పోర్టల్‌లో ఏదో ప్రాబ్లమ్ ఉన్నట్టుంది. రెండ్రోజుల్లో వచ్చేస్తుంది. ఏమీ అనుకోకండి సార్’ అన్నాడు.

అంకెలు లెక్కకు తేలికగా ఉండేలా నేను వేసినవే గానీ, సంభాషణ మాత్రం కల్పించాల్సిన అవసరం లేనిది. జులైలోనో ఆగస్టులోనో మూడో వారంలో ఏ ఆడిటర్ ఆఫీసులో గంట కూర్చున్నా ఇలాంటి ఫోన్లు రెండు మూడు వినిపిస్తాయి. ఆఫీసులో క్షమాపణ చెప్పడం గురించి రాయాలనుకున్నప్పుడు పెద్ద కంపెనీల అధిపతులు కెమెరాల ముందు తల వంచిన సంగతులు బోలెడు గుర్తొచ్చాయి. కానీ మనలో చాలామందికి తటస్థపడేది ఈ 54,000 రూపాయల స్థాయి తప్పే. అందుకని దీన్నే పట్టుకుని చివరిదాకా నడుద్దాం.

ఆ అకౌంటెంట్ మాటల్లో మర్యాదకు లోటు లేదు. సారీ ఉంది, సార్ రెండుసార్లు ఉంది, బతిమాలడం కూడా ఉంది. లేనిదల్లా సమాచారం. ఏం తప్పు జరిగింది, ఎవరు చేశారు, ఎప్పటికి సరవుతుంది అనే మూడింట్లో ఒక్కటీ లేదు. అంతకంటే పెద్ద ఇబ్బంది, ‘రెండ్రోజుల్లో’ అన్న మాట. ఆ మాట నమ్మి కాంట్రాక్టర్ 18 దాకా ఆగుతాడు. 18న మళ్లీ చూస్తాడు. ఉండదు. ఎందుకంటే ఆ తప్పు రెండ్రోజుల్లో సరయ్యేది కాదు. అంటే డబ్బు సర్దుకోవడానికి ఆయనకు మిగిలిన నాలుగు రోజుల్లో రెండు రోజులను ఈ సారీ తినేసింది. క్షమాపణ వల్ల నష్టం పెరగడమంటే ఇదే.

ఆ ఫోన్ వచ్చినప్పుడు అకౌంటెంట్‌కు అసలు సంగతి తెలియదు. తెలియనప్పుడు చెప్పే సారీ దేనికో అతనికే తెలియదు కాబట్టి అది మాటవరసకే మిగులుతుంది. అక్కడ అనాల్సింది, ‘బిల్లు నంబరు చెప్పండి సార్, చూస్తాను. సాయంత్రం నాలుగింటికి నేనే చేస్తాను’ అని. నాలుగింటికి చేయాలి కూడా. అప్పటికి ఏమీ తేలకపోయినా సరే, తేలలేదని చెప్పడానికైనా చేయాలి.

ఇక వెతుకులాట. గోడౌన్‌లో రాసిన బిల్లు తీస్తే అందులో కాంట్రాక్టర్ పేరూ నంబరూ సరిగ్గానే ఉన్నాయి. ఆఫీసులో దాన్ని టాలీలోకి ఎక్కించేటప్పుడు పేరు మొదటి నాలుగు అక్షరాలు కొట్టగానే కింద జాబితా వస్తుంది. అందులో దాదాపు ఒకే పేరుతో ఇద్దరు కాంట్రాక్టర్లు ఉన్నారు. ఒకాయనది గుంటూరు, ఇంకొకాయనది ఏలూరు. వేలు ఒక వరస కింద పడింది. గుంటూరు బిల్లు ఏలూరు ఖాతాకు వెళ్లింది. నంబరులో ఒక అంకె తప్పు కొట్టి ఉంటే పోర్టల్ చాలావరకు పట్టేసేదే. పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరులో చివరిది ముందున్న వాటిని సరిచూడటానికే ఉంటుంది. కానీ ఇక్కడ ఎక్కినది తప్పుడు నంబరు కాదు, వేరే మనిషిది సరైన నంబరు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

ఇది తెలిశాక ఫోన్ చేసి ఏమనాలి?

అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన రాయ్ లెవికీ, మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి 2016లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వాళ్లు తీసుకున్న ఉదాహరణ కూడా లెక్కల మనిషిదే కావడం నాకు సరదాగా అనిపించింది. పాత ఉద్యోగంలో ఒక క్లయింటు పన్ను రిటర్ను తప్పుగా వేసిన అకౌంటెంట్, కొత్త ఉద్యోగం ఇంటర్వ్యూలో క్షమాపణ చెబుతున్నట్టు రాసి, రకరకాల క్షమాపణలను 755 మందికి చూపించారు. క్షమాపణలో ఉండగలిగిన ముక్కలను ఆరుగా విడదీశారు. బాధ వెలిబుచ్చడం, ఎందుకు జరిగిందో వివరించడం, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చేయనని పశ్చాత్తాపపడటం, నష్టాన్ని సరిచేస్తాననడం, క్షమించమని అడగడం. ఎన్ని ముక్కలుంటే అంత మంచిదేనని తేలింది. కానీ అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది బాధ్యత ఒప్పుకోవడం. దాని తర్వాతది సరిచేస్తానని చెప్పడం. అన్నిటికంటే తక్కువ పనిచేసింది, లేకపోయినా పెద్దగా నష్టం లేనిది, క్షమించమని అడగడం.

ఇప్పుడు మన అకౌంటెంట్ మొదటి ఫోన్‌ను మళ్లీ చూడండి. మొదటి రెండూ లేవు. ఆఖరిది మాత్రం ‘ఏమీ అనుకోకండి’ రూపంలో నిండుగా ఉంది. మన దగ్గర చాలా క్షమాపణలు ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి. అందులో పని ఎదుటివాడికి అప్పగిస్తాం. తప్పు నేను చేశాను, అనుకోకుండా ఉండే బాధ్యత మీది.

నాలుగింటికి చేసే ఫోన్ ఇలా ఉంటే బాగుంటుంది.

‘సార్, తప్పు నాది. జూన్ 18 నాటి మీ బిల్లు, నంబరు 412. టాలీలో ఎక్కించేటప్పుడు మీ పేరుకు బదులు అలాంటి పేరే ఉన్న ఇంకో పార్టీని సెలెక్ట్ చేశాను. మీకు రావాల్సిన 54,000 క్రెడిట్ వాళ్ల ఖాతాలోకి వెళ్లింది. ఈ నెల మీ టూబీలో అది రాదు సార్. 20లోపు ఆ డబ్బు మీరు చేతి నుంచి కట్టుకోవాల్సి వస్తుంది. సారీ సార్.’

ఇంతవరకూ చెప్పి ఆగాలి. ఎందుకు ఆగాలో తర్వాత చెబుతాను. ముందు ఈ ఆరు ముక్కల్లో ఏముందో చూద్దాం. ‘పొరపాటు జరిగింది’, ‘ఎంట్రీ మారిపోయింది’ లాంటి మాటలు లేవు. అలా అంటే ఎంట్రీ దానంతటదే నడుచుకుంటూ వెళ్లినట్టుంటుంది. ‘నేను సెలెక్ట్ చేశాను’ అన్నప్పుడు చేసిన మనిషి కనిపిస్తాడు. బిల్లు నంబరు, తేదీ ఉన్నాయి కాబట్టి ఇతను నిజంగానే వెతికాడని వినేవాడికి తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది నాకు చివరి వాక్యాల్లో కనిపిస్తుంది. ఆ తప్పు వల్ల ఎదుటి మనిషి మీద పడే భారం ఏమిటో అతని వైపు నుంచి లెక్కకట్టి చెప్పాడు. తప్పు పేరు చెప్పడమంటే తన చేతి దగ్గర ఏం జరిగిందో చెప్పడంతో సరిపోదు. అది అవతలివాడి జేబు దగ్గరికి ఎలా చేరిందో కూడా చెప్పాలి. చాలామంది సగం దారిలో ఆగిపోతారు. ‘నేనే తప్పు సెలెక్ట్ చేశాను’ అని ఒప్పుకుంటారు గానీ, ‘ఇరవయ్యో తేదీకి మీరు 54,000 సర్దుకోవాలి’ అన్న చేదు ముక్క మింగేస్తారు. అది ఎదుటివాడు తనే కనుక్కుంటే ఒప్పుకోలు అంతా నీళ్లపాలు.

సాకుల సంగతికి వద్దాం. ఆ అకౌంటెంట్‌కు చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి, అన్నీ నిజాలే. పదో తేదీ రాత్రి పదింటిదాకా కూర్చున్నాడు. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కడే చేస్తున్నాడు. పదకొండున పోర్టల్ నిజంగానే నత్తనడక నడిచింది. మరి ఇవన్నీ చెప్పకూడదా? నా లెక్క ఒకటే. ఆ వాక్యం తీసేస్తే ఎదుటివాడికి కావాల్సిన సమాచారం ఏమైనా తగ్గుతుందా అని చూడాలి. ‘రాత్రి పదింటిదాకా కూర్చున్నాను’ తీసేస్తే కాంట్రాక్టర్‌కు పోయేదేమీ లేదు. అది తన కోసం చెప్పుకున్న మాట. ‘ఒకే పేరున్న రెండు పార్టీలున్నాయి’ తీసేస్తే మాత్రం ఇది మళ్లీ జరుగుతుందో లేదో ఆయనకు అంచనా దొరకదు. అది వివరణ. పని భారం మాట చెప్పాల్సిందే, కానీ చెప్పాల్సిన చోటు ఓనరు గది. ‘సార్, నెలాఖరు ఎంట్రీలు ఒక్కణ్నే చూసుకుంటే ఇలాంటివి మళ్లీ వస్తాయి’ అని అక్కడ గట్టిగానే అనవచ్చు. కస్టమర్ ముందు అంటే అది సాకు, ఓనరు ముందు అంటే అది హెచ్చరిక.

సాకుల్లో ఇంకో రకం ఉంది, అది ఓనర్లు వాడేది. విషయం ఓనరు దాకా వెళ్తుంది. ఆయన కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి, ‘ఏం చేయమంటారు అన్నగారూ, కొత్త కుర్రాడు. చెబితే వినడు. గట్టిగా తిట్టాను లెండి’ అంటాడు. వినడానికి తన మనిషిని మందలించి న్యాయం చేసినట్టుంటుంది. కాంట్రాక్టర్ చెవికి మాత్రం వేరేగా చేరుతుంది. ఈ దుకాణంలో లెక్కలు చూసేవాడు నమ్మదగ్గవాడు కాదని ఓనరే చెబుతున్నాడు. రేపటి బిల్లూ ఆ కుర్రాడే ఎక్కిస్తాడు కదా? పైగా కుర్రాడు తిట్లు తింటే కాంట్రాక్టర్‌కు ఒరిగేదేమీ లేదు. ఓనరు చెప్పాల్సింది, ‘మా ఆఫీసులో తప్పు జరిగింది అన్నగారూ, రిటర్ను వేసేముందు సరిచూడాల్సిన బాధ్యత నాది. చూడలేదు’ అని. చేసినవాడు తన చేతి తప్పు చెప్పాలి. పైవాడు తాను చూడని తప్పు చెప్పాలి. ఎవరిది వాళ్లు చెబితే రెండూ నిజమే అవుతాయి.

ఇప్పుడు ఆగడం గురించి. ‘సారీ సార్’ అన్నాక మనకు ఆ నిశ్శబ్దం భరించరానిదిగా ఉంటుంది. గబగబా పరిష్కారంలోకి దూకేస్తాం. అలా కాకుండా అవతలి మనిషిని మాట్లాడనివ్వాలి. ఆయన తిడతాడు. ‘ఇరవై రోజులయింది బిల్లు పంపి, ఇప్పుడా చెప్పేది? లేబర్ పేమెంట్లు ఉన్నాయి, నేనెక్కడినుంచి తేవాలి?’ అంటాడు. ఆ తిట్టులో పనికొచ్చే సంగతి ఉంది. కూలీలకు ఇవ్వాల్సిన డబ్బుకు ఎసరు వచ్చిందని తెలిసింది. ఏం సరిచేయాలో ఆయనే చెప్పేశాడు. 2005లో సింథియా ఫ్రాంట్జ్, కోర్ట్నీ బెనిగ్సన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు క్షమాపణ ఎప్పుడు చెబితే పనిచేస్తుందో పరీక్షించి చూశారు. మరీ తొందరగా చెప్పినదానికంటే కాస్త ఆగి చెప్పినదే మెరుగ్గా పనిచేసింది. నా గోడు విన్నారు, నా బాధ అర్థమైంది అన్న నమ్మకం అవతలివాడికి అప్పటికి కలగడమే కారణమట. ఆగమన్నారు కదా అని వారం రోజులు నానబెట్టడానికి ఇది అనుమతి కాదు. ఒకే ఫోన్ కాల్‌లో రెండు నిమిషాలు చెవి ఇవ్వడం.

ఆయన ఊపిరి తీసుకున్నాక పరిష్కారం చెప్పాలి. ఇక్కడ పని తెలిసి ఉండటం అవసరం. ఊరికే ‘చూసుకుంటాం సార్’ అంటే అది పరిష్కారం కాదు. ఈ తప్పుకు నిజమైన పరిష్కారం ఎలా ఉంటుందంటే, జూన్ బిల్లులో పార్టీని మార్చాలంటే జులై నెల రిటర్నులో, సవరణలకు కేటాయించిన పట్టికలో మార్చాలి. ఆ రిటర్ను ఆగస్టు 1 తర్వాతే వేయగలరు, గడువు 11. ఆగస్టు 14న కాంట్రాక్టర్ 2బిలో కనిపిస్తుంది. 2024 నుంచి అదే నెలలో తప్పులు దిద్దుకునే ఫారం ఒకటి వచ్చింది గానీ, కొన్నవాడి జీఎస్టీ నంబరును దానితో మార్చలేరు. కాబట్టి ఏ దారిన వెళ్లినా ఈ నెల 20కి అందదు. ఆ మాట నోరు తెరిచి చెప్పాలి. కుదరనిదాన్ని కుదురుతుందనడం కంటే ‘కుదరదు’ అనడమే ఇక్కడ మేలు చేసే మాట.

మరి ఆ నెల రోజుల భారం? నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాడనుకుంటే 54,000కు నెలకు 1,080 రూపాయలు. అసలు నష్టం అదన్నమాట. 54,000 పోలేదు, ఆలస్యమైంది. ఆ ఆలస్యాన్ని పూడ్చే దారి దుకాణం చేతిలోనే ఉంది. బిల్లు డబ్బు ఇంకా రావాల్సి ఉంటే, ‘మాకివ్వాల్సిన 3,54,000లో 54,000 ఆపుకోండి సార్, ఆగస్టు 14న మీ టూబీలో కనిపించాక ఇవ్వండి’ అనవచ్చు. డబ్బు ముందే ఇచ్చేసి ఉంటే ఆ 54,000 నెల రోజులకు వెనక్కి పంపడమో, వడ్డీ 1,080 తర్వాతి బిల్లులో తగ్గించడమో చేయవచ్చు. క్రెడిట్ కనిపించేదాకా పన్ను భాగం ఆపి పెట్టడం కొనుగోలుదారులు ఎలాగూ చేసే పనే. వాళ్లు అడగకముందే మనం అంటే దాని తూకం వేరు.

అయితే ఇది అకౌంటెంట్ తన అంతట తాను ఇవ్వగలిగే మాట కాదు. అందుకే నాలుగింటి ఫోన్‌కు ముందు ఒక మెట్టుంది. మూడున్నరకు ఓనరు దగ్గరికి వెళ్లి, ‘సార్, ఈ తప్పు చేశాను, దీని దారి ఇది, 54,000 ఆపుకోమని చెప్పనా?’ అని అడగాలి. తప్పు మాత్రమే పట్టుకుని వెళ్తే ఓనరు కోపం దాని మీదే తిరుగుతుంది. దారి కూడా పట్టుకెళ్తే చర్చ దాని మీదికి మళ్లుతుంది. ఓనరు ఒప్పుకోకపోతే ఆ మాట ఫోన్‌లో అనకూడదు. తన చేతిలో లేనిది ఇస్తాననడం రెండో తప్పవుతుంది.

ఇదంతా వాట్సాప్‌లో పంపేయొచ్చు కదా అని అడుగుతారు. పంపాలి, కానీ మాట్లాడాక. బిల్లు నంబరు, మొత్తం, ఆగస్టు 14 తేదీ, ఆపుకోమన్న 54,000, ఈ నాలుగూ రాతలో ఉంటే రేపు వాళ్ల ఆడిటర్ అడిగినప్పుడు పనికొస్తాయి. ముందే రాతలో పంపితే ఆయన తిట్టుకోవడానికి చోటుండదు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి కింద పడేసి బయటపడినట్టుంటుంది. లెవికీ బృందం కూడా తమ అధ్యయనంలో జనం క్షమాపణలను చదివారే తప్ప వినలేదన్నది మరిచిపోకూడదు. ఎదురుగా చెప్పేటప్పుడు చూపు, గొంతు కూడా లెక్కలోకి వస్తాయని లెవికీయే అన్నాడు. గొంతంటే దీనంగా పెట్టమని కాదు. ‘సారీ సార్, చాలా సారీ, నాకు నిద్ర పట్టడం లేదు సార్’ అని పదిసార్లు అంటే చివరికి కాంట్రాక్టరే ‘పోనీలేవయ్యా’ అని ఓదార్చాల్సి వస్తుంది. నష్టపోయినవాడు ఓదార్చడమేమిటి? సారీ ఒక్కసారి చాలు.

ఇంకా ఇద్దరున్నారు, వాళ్లను మరిచిపోవడం సులువు.

ఒకరు ఏలూరు కాంట్రాక్టర్. ఆయన ఖాతాలో కొనని సరుకు తాలూకు 54,000 కనబడుతోంది. చూసుకోకుండా వాడేసుకుంటే రేపు వడ్డీతో వెనక్కి కట్టాల్సింది ఆయనే. ఆయన ఇంకా ఫోన్ చేయలేదు, బహుశా చేయడు కూడా. అయినా చేసి, ‘మీది కాని బిల్లు ఒకటి మీ నంబరు మీద ఎక్కించాను సార్, దాన్ని వాడకండి, వచ్చే నెల తీసేస్తాను’ అని చెప్పాలి. అడగనివాడికి కూడా చెప్పే ఈ ఫోన్ నా దృష్టిలో మొదటిదానికంటే నిఖార్సైనది. అక్కడ తిట్టేవాళ్లు లేరు, తప్పించుకోవాలంటే నోరు మూసుకుంటే చాలు.

రెండో మనిషి గోడౌన్ గుమాస్తా. ఆయన దగ్గర కథ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఉదయం ఫోన్ రాగానే అకౌంటెంట్, ఇంకా ఏమీ చూడకుండానే, ఆఫీసులో నలుగురి ముందూ ‘గోడౌన్‌లో బాబాయే నంబరు తప్పు రాసుంటాడు, ఎప్పుడూ ఇంతే’ అన్నాడనుకోండి. ఇలా అనడం మానవ సహజం. మధ్యాహ్నానికి గోడౌన్ బిల్లు సరైనదేనని తేలింది. ఇప్పుడు బాబాయికి ఒక క్షమాపణ బాకీ. కస్టమర్‌కు చెప్పినంత తేలిగ్గా ఇది నోటికి రాదు. జీతంలో, చదువులో కిందున్న మనిషి. డబ్బు నష్టం లేదు, బిల్లు నంబరు లేదు. అందుకని మన ఆఫీసుల్లో దీనికి ఒక అలవాటైన దారి ఉంది. మర్నాడు ఉదయం గోడౌన్‌కు వెళ్లి ‘బాబాయ్, టీ తాగుదాం రండి’ అంటారు. టీతో పాటు సమోసా కూడా ఇప్పిస్తారు. పిల్లల చదువు అడుగుతారు. తప్పు ఊసు రాదు. బాబాయ్ కూడా అర్థం చేసుకుని నవ్వుతాడు. అంతా సర్దుకున్నట్టే ఉంటుంది.

సర్దుకోదు. నిన్న ఆ మాట విన్న నలుగురూ టీ దగ్గర లేరు. వాళ్ల లెక్కలో బాబాయ్ ఇంకా తప్పు బిల్లులు రాసేవాడే. వచ్చే నెల ఇంకో బిల్లు తేడా వస్తే వాళ్ల చూపు ముందు గోడౌన్ వైపే వెళ్తుంది. మాట ఎంతమంది ముందు అన్నామో అంతమంది ముందే వెనక్కి తీసుకోవాలి. ‘బాబాయ్, నిన్న వీళ్లందరి ముందూ బిల్లు మీరే తప్పు రాశారన్నాను. మీ బిల్లు కరెక్టే. తప్పు నేను చేశాను. చూడకుండా మీ మీద వేశాను. సారీ’ అని, ఆ నలుగురూ ఉన్నప్పుడు, కుర్చీలోంచి లేచి చెప్పాలి. ఇక్కడ పరిష్కారం ఏమిటంటే ఆ నలుగురి చెవులే. తర్వాత టీ తాగితే తాగండి.

ఇంతా చేసి పనిచేయని సందర్భాలూ ఉన్నాయి. పైన చెప్పిన అధ్యయనంలోనే, తప్పు తెలియక జరిగిందన్నప్పుడు దక్కిన విలువ, తెలిసీ చేశాడన్నప్పుడు క్షమాపణకు దక్కలేదు. అకౌంటెంట్ పొరపాటున వేరే పేరు నొక్కడం ఒకటి. ఆ నెల పన్ను కట్టడానికి డబ్బుల్లేక ఓనరే బిల్లును రిటర్నులో చూపించకుండా ఆపి, ‘పోర్టల్ ప్రాబ్లమ్’ అనిపించడం ఇంకొకటి. రెండోదానికి చక్కటి మాటలు మందు కావు. దానికి డబ్బే కట్టాలి, ఆ తర్వాత చాలా నెలలపాటు సమయానికి రిటర్న్లు పడాలి. అలాగే ఒకే తప్పు రెండోసారి చేస్తే మొదటిసారి చెప్పిన మంచి క్షమాపణ కూడా వెనక్కి వెళ్లి చెడిపోతుంది. అందుకే నివారణ చిన్నదైనా చెప్పగలిగేలా ఉండాలి. టాలీలో పార్టీ పేరు పక్కన ఊరూ, జీఎస్టీ నంబరు చివరి నాలుగక్షరాలూ చేర్చితే జాబితాలో ఇద్దరూ ఒకేలా కనిపించరు. పది నిమిషాల పని. ‘ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను’ అనే దానికంటే ‘మీ పేరు పక్కన గుంటూరు అని చేర్చాను సార్’ అనేది నమ్మదగ్గ మాట.

ఒప్పుకుంటే మెడకు చుట్టుకుంటుందన్న భయం ఓనర్లకు ఎక్కువ. వేలల్లో ఉన్నదానికి ఆ భయం అక్కర్లేదు గానీ, పెద్ద నష్టమో, ప్రాణాపాయమో అయినప్పుడు లాయర్‌ను అడగకుండా నోరు విప్పకపోవడంలో తప్పు లేదు. ఆ భయం ఎంతవరకు నిజమో చూడటానికి ఒక పెద్ద ఉదాహరణ మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులది. అక్కడ 2001 నుంచి ఒక పద్ధతి మొదలుపెట్టారు. వైద్యంలో ఏదైనా చెడితే ముందు తామే విచారించి, తప్పు తమదని తేలితే రోగికి చెప్పి, క్షమాపణతో పాటు పరిహారం ఇవ్వజూపుతారు. తప్పు తమది కాదని తేలితే ఆ మాటే చెప్పి నిలబడతారు. 2010లో వచ్చిన అధ్యయనం ప్రకారం, లక్ష మంది రోగుల రాకపోకలకు నెలకు 7.03గా ఉన్న కొత్త క్లెయిములు 4.52కు తగ్గాయి. తగ్గడానికి ఇదొక్కటే కారణమని ఆ అధ్యయనం తేల్చలేదు. నోరు విప్పినందుకు దావాలు వెల్లువెత్తలేదన్నది మాత్రం స్పష్టం. ఇందులోనూ వరస గమనించండి. ముందు విచారణ, తర్వాత మాట.

ఇక ఆగస్టు. 5వ తేదీన సవరణతో రిటర్ను వేస్తే, ఆ రోజే ‘వేశాను సార్’ అని ఒక మాట. 14న కాంట్రాక్టర్ చూసుకోకముందే, ‘టూబీలో వచ్చిందా సార్?’ అని ఇంకో ఫోన్. వస్తే అప్పుడు 54,000 అడగాలి, అంతకుముందు కాదు. రాకపోతే అదే రోజు ఎందుకు రాలేదో చూసి కొత్త తేదీ చెప్పాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 వరకు సవరణకు గడువుంది కాబట్టి దారి ఉంటుంది. ఇంత చేసినా కాంట్రాక్టర్ తర్వాతి లోడు వేరే దుకాణంలో తీసుకోవచ్చు. నెల రోజులు ఇబ్బంది పడ్డది ఆయనే కాబట్టి అది ఆయనిష్టం. అకౌంటెంట్ ఆ విషయం ఆయన్ను అడగక్కర్లేదు, ఓనరు ఆ కోపం అకౌంటెంట్ మీద చూపక్కర్లేదు.